స్లైడ్‌కి ఒకే మాట: ఇంటర్న్‌షిప్ పొడవునా వాడి చూశాక నా సమీక్ష

ఒక స్లైడ్‌లో ఒకే విషయం చెప్పాలి. ఆ విషయాన్ని పైన శీర్షికలో పూర్తి వాక్యంగా రాయాలి. కింద పెట్టే చార్ట్ గానీ బొమ్మ గానీ ఆ వాక్యం నిజమని చూపించాలి. పద్ధతి ఇంతే. దీనికి అసర్షన్-ఎవిడెన్స్ అని పేరుంది. అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీలో ఇంజినీర్లకు రాయడం, మాట్లాడడం నేర్పిన మైకేల్ ఆలీ దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చారు. హైదరాబాద్‌లో ఒక ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీలో, కస్టమర్ల ఫిర్యాదుల డేటా చూసే టీమ్‌లో ఇంటర్న్‌గా ఉన్నన్నాళ్లూ సోమవారం మీటింగ్‌కి నేను ఈ పద్ధతిలోనే పవర్‌పాయింట్ స్లైడ్లు చేశాను. ఇది ఎక్కడ బాగా పనికొచ్చిందో, ఎక్కడ ఇబ్బంది పెట్టిందో చెబుతాను.

ముందు మీటింగ్ ఎలా ఉంటుందో చెప్పాలి. ఇంటర్న్ వంతు చివర్లో వస్తుంది. అప్పటికి సగం మంది తర్వాతి మీటింగ్ లింక్ వెతుక్కుంటూ ఉంటారు, మిగతావాళ్ల ముందు లాప్‌టాప్‌లు తెరిచే ఉంటాయి. అందరూ మొదటి నుంచి చివరి దాకా వింటారని అనుకోవడానికి లేదు. ఎవరైనా ఒక్కసారి తలెత్తి స్క్రీన్ వైపు చూస్తే, ఆ చూపులోనే విషయం అందాలి. ‘రీఫండ్ అప్‌డేట్’ అని శీర్షిక ఉంటే తలెత్తినవాళ్లకి ఏమీ అందదు. ‘రీఫండ్ గురించి అడిగిన నలుగురిలో ముగ్గురు గడువు లోపలే అడిగారు’ అని ఉంటే, మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్లు కూడా సంభాషణలోకి వచ్చేస్తారు.

ఇంతకుముందు మా టీమ్‌లో వారం మొత్తానికీ ఒకే స్లైడ్ ఉండేది. ఎడమవైపు తొమ్మిది ముక్కలుగా కోసిన గుండ్రటి పై చార్ట్, కుడివైపు ఏడెనిమిది బుల్లెట్లు, కింద చిన్న అక్షరాల్లో ఒక టేబుల్. దాన్ని నేను నాలుగు స్లైడ్లుగా విడదీసిన వారం సంగతి వివరంగా చెబుతాను. ఆఫీసు అంకెలు బయట పెట్టకూడదు కాబట్టి ఇక్కడ ఇచ్చినవి ఉదాహరణ కోసం మార్చినవి. లెక్క మాత్రం అలాగే నడిచింది.

ఆ వారం 400 ఫిర్యాదులు వచ్చాయనుకోండి. వాటిలో 220 రీఫండ్ గురించి. మొదటి స్లైడ్ శీర్షిక: ‘ఈ వారం ఫిర్యాదుల్లో సగానికి పైగా రీఫండ్ గురించే’. కింద అడ్డంగా సాగే బార్ చార్ట్, పెద్దది పైన, చిన్నది కింద. రీఫండ్ బార్‌కి మాత్రమే రంగు వేసి, మిగతావన్నీ బూడిద రంగులో ఉంచాను. తొమ్మిది ముక్కల పై చార్ట్‌లో ఏది ఎంత పెద్దదో కంటితో పోల్చలేం, రంగుల పట్టీ చూసుకుంటూ అటూ ఇటూ తిరగాలి. బార్లలో పొడవు చూస్తే చాలు. పవర్‌పాయింట్ బార్ చార్ట్‌లో షీట్‌లోని మొదటి వరుస అన్నిటికంటే కిందకి వెళ్తుంది. అది పైకి రావాలంటే అక్షం సెట్టింగుల్లో `Categories in reverse order` టిక్ చేయాలి. లెజెండ్, గీతల గడులు తీసేసి, అంకెలను బార్ల చివరే రాస్తే సరిపోతుంది.

అసలు కష్టం రెండో స్లైడ్‌తో వచ్చింది. మా దగ్గర రీఫండ్‌కి గడువు ఐదు పనిదినాలు. ఆర్డర్ క్యాన్సిల్ చేసిన ఎన్నో రోజున ఫిర్యాదు చేశారో లెక్క తీస్తే, 220లో 165 మంది గడువు దాటకముందే అడిగారు. శీర్షికకి వెంటనే తట్టే వాక్యం ‘రీఫండ్ ఆలస్యం కావడం లేదు’. వినడానికి బాగుంటుంది, కానీ మిగిలిన 55 మంది విషయంలో అది అబద్ధం. వాళ్లకి నిజంగానే ఆలస్యమైంది. అందుకే ‘నలుగురిలో ముగ్గురు గడువు లోపలే అడిగారు’ అని రాశాను. కింద రోజువారీ నిలువు బార్లు, ఐదో రోజు దగ్గర ఒక నిలువు గీత, ఆ గీతకి ఎడమవైపు 165, కుడివైపు 55. ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించింది ఇదే. ‘రీఫండ్ అప్‌డేట్’ అనే శీర్షిక ఎప్పుడూ తప్పు కాదు, ఎందుకంటే అది ఏమీ చెప్పదు. పూర్తి వాక్యం రాయగానే అది నిజమో కాదో తేల్చుకోక తప్పదు. స్లైడ్ గీసే సమయంలో ఎక్కువ భాగం నాకు డేటాను మళ్లీ చూసుకోవడానికే పోయేది.

ఇదే విషయంలో చాలా పెద్ద ఉదాహరణ ఒకటుంది. 2003లో కొలంబియా వ్యోమనౌక ఇంకా ఆకాశంలో ఉండగానే, ప్రయోగ సమయంలో ఇంధన ట్యాంకు నుంచి ఊడిన ఫోమ్ ముక్క రెక్కకి తగలడం గురించి ఇంజినీర్లు నాసాకి స్లైడ్లు చూపించారు. ఒక ముఖ్యమైన స్లైడ్ శీర్షిక చదివితే, పరీక్షల డేటా ప్రకారం కొంత భద్రత మిగిలే ఉందన్న భావం కలుగుతుంది. కానీ పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలైతే, నౌకకి తగిలినది సుమారు 1920 ఘనపు అంగుళాలు ఉండొచ్చన్న సంగతి అదే స్లైడ్‌లో అట్టడుగున, బుల్లెట్ల కింద బుల్లెట్లలో ఉంది. అంటే పరీక్షించినదానికి ఆరువందల రెట్లకు పైగా పెద్దది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు వ్యోమగాములు తిరుగు ప్రయాణంలో చనిపోయారు. ప్రమాదాన్ని విచారించిన బోర్డు, డేటాను బొమ్మల్లో చూపడంపై పుస్తకాలు రాసిన ఎడ్వర్డ్ టఫ్టీ ఈ స్లైడ్‌పై చేసిన విశ్లేషణను తన నివేదికలో చేర్చింది. ప్రమాదానికి స్లైడే కారణమని నేను అనడం లేదు. చెప్పాల్సిన అసలు మాట శీర్షికలో లేకపోతే అది ఎంత కిందకి జారిపోగలదో మాత్రం ఆ స్లైడ్ చూపిస్తుంది.

మళ్లీ మా స్లైడ్ల దగ్గరకి వస్తాను. గడువు లోపలే ఎందుకు అడుగుతున్నారు? ఆ 165లోంచి కొన్ని ఫిర్యాదులు తీసి చదివితే, ఎక్కువమంది ‘డబ్బు ఎప్పుడొస్తుంది?’ అనే అడిగారు. మూడో స్లైడ్‌లో యాప్ స్క్రీన్‌షాట్ ఒక్కటే పెట్టి, ఖాళీగా ఉన్న చోట ఎర్ర పెట్టె గీసి, ‘క్యాన్సిల్ చేశాక వచ్చే స్క్రీన్‌లో డబ్బు వచ్చే తేదీ లేదు’ అని రాశాను. నాలుగోది అడగాల్సిన మాట: ‘ఆ స్క్రీన్‌లో తేదీ చూపించడానికి ఈ వారం అనుమతి కావాలి’. తేదీ చూపిస్తే ఫిర్యాదులు సగానికి తగ్గుతాయని రాయాలని ఎవరికైనా అనిపిస్తుంది. దానికి మా దగ్గర ఆధారం లేదు కాబట్టి రాయలేదు.

మీటింగ్‌లో రెండో స్లైడ్ రాగానే మా లీడ్ మేడమ్ ఆపేశారు. “ఆ 55 మంది సంగతేంటి?” అన్నారు.

“చివర్లో విడిగా ఒక స్లైడ్ ఉంది మేడమ్, ఇప్పుడే చూపిస్తాను,” అని దాని నంబర్ నొక్కి ఎంటర్ కొట్టాను. స్లైడ్ షో నడుస్తుండగా నంబర్, ఎంటర్ నొక్కితే నేరుగా ఆ స్లైడ్‌కి వెళ్తుంది. అడగబోయే ప్రశ్నలు ముందే ఊహించి, వాటి జవాబులను చివర్లో దాచుకోవడం ఈ పద్ధతిలో తప్పనిసరి. ఎందుకంటే ముందు స్లైడ్ల నుంచి మనం తీసేసిందంతా ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. శీర్షిక ఒక వాదనలా ఉంటుంది కాబట్టి ప్రశ్నలు ఎక్కువే వస్తాయి, అవి సూటిగా ఉంటాయి. కొత్తగా చేరినవాళ్లకి మొదట్లో టెన్షన్‌గానే ఉంటుంది. కానీ ‘ఇంతకీ ఏం చెయ్యమంటావు?’ అన్న ప్రశ్న మాత్రం తర్వాత ఎవరూ అడగలేదు. నాలుగో స్లైడ్ మీదే చర్చ జరిగింది.

తయారీలో నాకు బాగా ఉపయోగపడినవి రెండున్నాయి. ఒకటి `Outline View`. అందులో శీర్షికలు వరసగా కనిపిస్తాయి. బొమ్మలేవీ చూడకుండా వాటినే పైనుంచి కిందకి చదివితే విషయం అర్థం కావాలి. మధ్యలో గెంతినట్టు అనిపిస్తే అక్కడ ఒక స్లైడ్ తక్కువైందన్నమాట. రెండు శీర్షికలు ఒకే మాట చెబితే ఒకటి ఎక్కువైందన్నమాట. ఇది పనిచేయాలంటే శీర్షికను విడి టెక్స్ట్ బాక్స్‌లో కాకుండా, లేఅవుట్ ఇచ్చిన శీర్షిక పెట్టెలోనే రాయాలి. రెండోది అక్షరాల సైజు. మామూలు థీమ్‌లో శీర్షిక 44 పాయింట్లు ఉంటుంది. అంత సైజులో పూర్తి వాక్యం మూడు వరుసలకి పాకుతుంది. అందుకే స్లైడ్ మాస్టర్‌లో ఒక్కసారి 32కి తగ్గించి, ఎడమవైపుకి జరిపి పెట్టుకున్నాను. కింద ఎక్కడా 20కి తగ్గనివ్వలేదు. కంటెంట్ పెట్టెలో ఎక్కువ రాస్తూ పోతే పవర్‌పాయింట్ తనంతట తానే అక్షరాలను చిన్నవి చేస్తుంది. అది జరిగిందంటే ఆ స్లైడ్‌లో రెండో విషయం చేరిందని నాకు గుర్తు. సైజు సవరించకుండా స్లైడ్‌నే రెండుగా విడదీసేదాన్ని.

ఇక ఇబ్బందులు. అన్నిటికంటే పెద్దది, మీటింగ్ అయ్యాక ఫైల్ మెయిల్ చేయమంటారు. మాట్లాడేవాళ్లు పక్కన లేకపోతే నాలుగు శీర్షికలు, నాలుగు బొమ్మలు చాలావరకు అర్థమవుతాయి గానీ లెక్క ఎలా వచ్చిందో తెలియదు. అందుకే ప్రతి స్లైడ్ కింద నోట్స్‌లో డేటా ఏ తేదీల మధ్యది, ఏవి వదిలేశాం, గడువును ఎలా లెక్కపెట్టాం అని మూడు నాలుగు వాక్యాలు రాసేదాన్ని. పీడీఎఫ్‌గా సేవ్ చేసేటప్పుడు ఆప్షన్లలో `Notes pages` ఎంచుకుంటే పేజీకి ఒక స్లైడ్, కింద ఆ నోట్స్ వస్తాయి. దీనికి అదనంగా పట్టే సమయం తక్కువేం కాదు.

రెండో ఇబ్బంది స్లైడ్ల లెక్క. ‘ఇంటర్న్ మూడు స్లైడ్లు మించకూడదు’ లాంటి నియమం ఉన్న టీమ్‌లో దీన్ని నడపడం కష్టం. మా దగ్గర నేను సమయం లెక్క చెప్పి అడిగాను. పాత స్లైడ్ ఒక్కదానికే ఎనిమిది నిమిషాలు పట్టేది, ఈ నాలుగింటికీ కలిపి అంతకంటే తక్కువే. మేడమ్ ఒప్పుకున్నారు. అందరూ ఒప్పుకుంటారని చెప్పలేను.

కొన్ని పనులకి ఇది అసలు సరిపోదు. ఎవరి పని ఎంతవరకు వచ్చిందో చెప్పే వారపు జాబితాకి టేబులే నయం, దాన్ని ఆరు వాక్యాలుగా విడదీస్తే చూసేవాళ్లకి విసుగు. ఇంకా ఏమీ తేలని డేటాను టీమ్‌తో కలిసి చూడాలన్నా ఇది పనికిరాదు. తేలని విషయానికి వాక్యం రాస్తే, లేని నిశ్చయం ఉన్నట్టు కనిపిస్తుంది. అలాంటప్పుడు నేను శీర్షికలో ప్రశ్న రాసేదాన్ని: ‘ఆదివారం ఫిర్యాదులు ఎందుకు పెరుగుతున్నాయి?’ అని. కింద చార్ట్ పెట్టి, అందరినీ అడిగేదాన్ని. డెలివరీ టీమ్ నుంచి వచ్చిన అన్న ఒకరు ఆ చార్ట్ చూసి, ఆదివారం రిటర్న్ పికప్‌లు లేవని వెంటనే చెప్పేశారు. తర్వాతి సోమవారానికి ఆ విషయం రికార్డుల్లో సరిచూసుకుని, ఆ ప్రశ్న తీసేసి దాని స్థానంలో వాక్యం రాశాను.