ప్రీమియర్ ప్రో టైమ్‌లైన్: ఎర్రగీత చూసి కంగారు పడకండి

కొన్నేళ్లుగా పెళ్లి వీడియోలన్నీ ప్రీమియర్ ప్రోలోనే ఎడిట్ చేస్తున్నాను. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు నాకు పంపే టైమ్‌లైన్ స్క్రీన్‌షాట్‌లు దాదాపు ఒకేలా ఉంటాయి, పైన ఎర్రగీత, కింద "ఫైల్ పాడైందా అన్నా?" అని ప్రశ్న. పాడవలేదు.

మొన్న వచ్చినదే తీసుకోండి. V1 అనే వీడియో ట్రాక్‌లో తలంబ్రాల వీడియో, దాని మీద V2లో ఒక ఫొటో, కింద A1 అనే ఆడియో ట్రాక్‌లో మాటలు, A2లో నాదస్వరం. పై ట్రాక్‌లో ఉన్నది కింది దాన్ని కప్పేస్తుంది, కాబట్టి ఫొటో ఉన్నంతసేపూ తలంబ్రాలు కనపడవు, అంతే. ఆడియోలో ఈ కప్పడం ఉండదు, రెండూ కలిసి వినిపిస్తాయి.

ఆ ఫొటో 5 సెకన్లు. పంపిన కుర్రాడు Effect Controlsలో Scale పక్కనున్న స్టాప్‌వాచ్ నొక్కి మొదట్లో 100, చివర్లో 110 పెట్టాడు, రెండు వజ్రం గుర్తులు, అంటే కీఫ్రేమ్‌లు, పడ్డాయి, ఫొటో మెల్లగా దగ్గరికొస్తోంది. బాగుంది. తర్వాత పాటకి సరిపోలేదని క్లిప్‌ని 8 సెకన్లకి లాగాడు, కానీ రెండో కీఫ్రేమ్ 5 దగ్గరే ఉండిపోయింది, అందుకే జూమ్ అక్కడ టక్కున ఆగి మిగతా 3 సెకన్లు బొమ్మ కదలకుండా ఉంటోంది. ఆ వజ్రాన్ని పట్టుకుని చివరికి జరిపితే చాలు. స్టాప్‌వాచ్ మాత్రం మళ్లీ నొక్కకండి, ఆ ప్రాపర్టీకి పెట్టిన కీఫ్రేమ్‌లన్నీ పోతాయి (ముందు అడుగుతుందిలెండి, మనమే చదవకుండా OK కొడతాం).

ఇక గీతలు. పసుపు అంటే రెండర్ చేయలేదు, అంటే ఆ ముక్కకి ప్రివ్యూ ఫైల్ ముందుగా తయారుచేయలేదు, అయినా ఆగకుండా ఆడొచ్చు. ఎరుపు అంటే రెండర్ చేయకపోతే ప్లే చేసేటప్పుడు తడబడొచ్చు. ఆకుపచ్చ అంటే ప్రివ్యూ ఫైల్ తయారై ఉంది. ఈ మూడూ ప్లేబ్యాక్ గురించే చెప్తాయి, ఎక్స్‌పోర్ట్ క్వాలిటీతో వాటికి పనిలేదు, ఎర్రగీత ఉన్నా ఫైనల్ వీడియో శుభ్రంగానే వస్తుంది. నిజంగా తడబడుతోందో లేదో తెలియాలంటే ప్రోగ్రామ్ మానిటర్ రెంచ్ మెనూలో Show Dropped Frame Indicator ఆన్ చేయండి, ఆడుతుండగా పచ్చచుక్క పసుపైతే ఫ్రేమ్‌లు పోతున్నట్టే. అప్పుడు కూడా వెంటనే రెండర్‌కి వెళ్లకుండా, ప్లేబ్యాక్ రిజల్యూషన్ 1/2కి తగ్గించి చూడండి. అప్పటికీ ఆగుతుంటే ఆ ముక్కకి ఇన్, అవుట్ పెట్టి ఎంటర్ కొట్టండి. ఆ తర్వాత ఆ క్లిప్‌లో రంగు కాస్త మార్చినా ఆకుపచ్చ పోయి గీత మళ్లీ మొదటికొస్తుంది, కాబట్టి రెండర్ పని చివర్లో పెట్టుకోవడం మేలు.

నిజంగా పట్టించుకోవాల్సింది గీత కాదు, బొమ్మ మీద పడే హెచ్చరిక పట్టీ. స్లోమోషన్ చేసిన క్లిప్‌కి వణుకు తగ్గించే వార్ప్ స్టెబిలైజర్ వేస్తే Warp Stabilizer and Speed can't be used on the same clip అని వస్తుంది. క్లిప్ మీద రైట్ క్లిక్ చేసి Nest నొక్కితే అది వేరే సీక్వెన్స్‌లోకి వెళ్తుంది, ఆ నెస్ట్ మీద స్టెబిలైజర్ వేస్తే పని జరుగుతుంది.