డోరేమాన్ బొమ్మలు కొంటున్నారా? డబ్బులిచ్చే ముందు చెవులు చూడండి

అనంతపురంలో పిల్లల పుట్టినరోజుకు రిటర్న్ గిఫ్టులు కొనబోతున్న తల్లిదండ్రులకు ఈ పోస్టు. పోయిన నెల నేను 2050 రూపాయలు పెట్టి మోసపోయాను. అంగడి పేరు రాయడం లేదు. అదే సరుకు చాలా చోట్ల అమ్ముతున్నారు కాబట్టి పేరు కంటే బొమ్మను ఎలా చూడాలో తెలియడమే మీకు ఎక్కువ పనికొస్తుంది.

మా పాప రెండో తరగతి. ఇంట్లో టీవీ ఆన్ చేస్తే డోరేమాన్ తప్ప ఇంకోటి ఉండదు. అందుకని ఒక పెద్ద డోరేమాన్ బొమ్మ 650 రూపాయలకు, క్లాసు పిల్లలకు ఇవ్వడానికి చిన్నవి ఇరవై, ఒక్కోటి 70 రూపాయల లెక్కన మాట్లాడుకున్నాను. అంగడాయన వాట్సాప్‌లో ఫోటో పంపించాడు. చూడముచ్చటగా ఉంది, అసలైన డోరేమాన్. డబ్బులు ఫోన్‌లోనే కొట్టేశాను. మరుసటి రోజు అట్టపెట్టెకు టేపు వేసి, పైన తాడు కట్టి ఇచ్చాడు. సప్తగిరి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఒక చేత్తో పెట్టె, ఇంకో చేత్తో పాపను పట్టుకుని నిలబడి దాన్ని విప్పి చూసే ఓపిక ఎవరికి ఉంటుంది? నాకూ లేకపోయింది. అదే నా తప్పు.

ఇంటికొచ్చి పెట్టె తెరిస్తే పాప మొహం చిన్నబోయింది. పెద్ద బొమ్మను రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, "అమ్మా, దీనికి చెవులున్నాయి" అంది.

నాకు మొదట అర్థం కాలేదు. పిల్లి కదా, చెవులు ఉండవా అనుకున్నాను. ఉండవు. డోరేమాన్ కథలో అసలు సంగతే అది. భవిష్యత్తులో తయారైన పిల్లి రోబో, ఒక ఎలుక దాని చెవులు కొరికేసింది, అందుకే దానికి ఎలుకలంటే ప్రాణభయం. 1970 నుంచి వచ్చిన ఆ కామిక్స్‌లోనూ, తర్వాత టీవీలోనూ డోరేమాన్ తల నున్నటి గుండు లాగానే ఉంటుంది. కాబట్టి నీలం రంగు బొమ్మకు తల మీద రెండు కోసుగా చెవులు కనిపిస్తే ఇంకేమీ చూడక్కర్లేదు, అది డోరేమాన్ కాదు. తయారు చేసినవాడు 'పిల్లి' అనే మాట విని కుట్టిన బొమ్మ అది.

చిన్నవాటిని మంచం మీద పరిచి లెక్కపెట్టాం. ఇరవైలో తొమ్మిది సరిగ్గా ఉన్నాయి. ఆరు నీలం రంగువే, కానీ చెవులున్నాయి. మిగిలిన ఐదు పసుపు రంగువి. పసుపువి చూడగానే నాకు కోపం నషాళానికి ఎక్కింది. నీలం బొమ్మలు అడిగితే పసుపువి ఇస్తాడా అని ఫోన్ తీశాను. పాప ఆపింది. "అన్నీ తప్పు కాదమ్మా, ఇవి డోరమీ."

ఇక్కడే నేను నేర్చుకున్నది ఎక్కువ. డోరమీ అంటే డోరేమాన్ చెల్లెలు. ఆకారం అన్నలాగే, గుండ్రటి తల, గుండ్రటి పొట్ట, వేళ్ళు లేని ఉండల్లాంటి చేతులు. రంగు మాత్రం పసుపు. తల మీద పెద్ద ఎర్రటి రిబ్బన్ ముడి ఉంటుంది, చూడటానికి అదే చెవుల్లా కనిపిస్తుంది. కళ్ళకు రెప్పవెంట్రుకలు ఉంటాయి. అన్న పొట్ట మీద జేబు తెల్లగా ఉంటే ఈమె జేబు మీద డిజైన్ ఉంటుంది. పసుపు ఐదింటిలో మూడింటికి ఎర్ర రిబ్బన్ ఉంది, రెప్పలున్నాయి, డిజైన్ జేబు ఉంది. అవి డోరమీలే. నేను అడిగినవి కావు గానీ నకిలీవీ కావు. నేను ఆవేశంలో ఫోన్ చేసి అవి కూడా తప్పంటే, నా మాటకు అంగడాయన దగ్గర విలువ ఉండేది కాదు.

మిగిలిన రెండు పసుపువాటి దగ్గర పాప కూడా కాసేపు ఆగిపోయింది. వాటికి పొడవాటి చెవులున్నాయి, రిబ్బన్ లేదు. ఇంకో చిక్కు ఏందంటే, డోరేమాన్ మొదట్లో పసుపు రంగులోనే ఉండేదట. చెవులు పోయాక ఏడ్చి ఏడ్చి పసుపు పోయి నీలం అయిందని కథ. అంటే పసుపు రంగు, చెవులు రెండూ కలిసి ఉంటే అది పాత డోరేమాన్ అయ్యే వీలుంది. నీలం రంగు, చెవులు కలిసి ఉంటే మాత్రం ఏ వీలూ లేదు. ఈ తేడా గుర్తు పెట్టుకోండి, అంగడాయన "పాత మోడల్ మేడమ్" అంటే జవాబు చెప్పడానికి పనికొస్తుంది.

మరి ఆ రెండూ పాత డోరేమాన్లా? చెవుల కొనలు నల్లగా ఉన్నాయి. బుగ్గల మీద రెండు ఎర్రటి గుండ్రటి చుక్కలు. వెనక్కి తిప్పితే తోక మెరుపులా వంకర్లు తిరిగి ఉంది. అది పికాచూ, పోకేమాన్‌లోది, వేరే కథ, వేరే లోకం. దానికి ముందు వైపు మూడేసి మీసాలు, మెడలో గంట, పొట్టకు జేబు అతికించారు. పికాచూ ఒంటికి డోరేమాన్ నగలు పెట్టినట్టు ఉంది. రంగు చూసి మోసపోతే ఇలాగే అవుతుంది. బొమ్మ నీడ గోడ మీద పడితే ఎట్లా ఉంటుందో ముందు అది ఊహించుకోండి. డోరేమాన్ నీడ రెండు ఉండలు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు ఉండాలి, పైకి ఏమీ పొడుచుకు రాకూడదు. డోరమీది అయితే పైన రిబ్బన్ ఆకారం. పికాచూది పొడవాటి చెవులు, వంకర తోక. రంగులు, నగలు అద్దడం తేలిక, ఆకారం మార్చాలంటే గుడ్డ కత్తిరింపే మార్చాలి. అందుకే కాపీ కొట్టేవాళ్ళు ఎక్కువగా పాత కత్తిరింపుకే కొత్త రంగులు వేస్తారు.

ఇక ఆ 650 రూపాయల పెద్ద బొమ్మ. చెవుల సంగతి పక్కన పెట్టి మిగతావి చూద్దామని టీవీలో డోరేమాన్ పెట్టి, ఒక చోట ఆపి పక్కపక్కన చూశాం. టీవీలో దాని తల మొత్తం ఎత్తులో దాదాపు సగం ఉంది. మా బొమ్మకు తల మూడో వంతు కూడా లేదు, కాళ్ళు పొడుగు. మామూలు టెడ్డీ ఒంటికి నీలం గుడ్డ కుట్టారన్నమాట. అసలు దాంట్లో రెండు కోడిగుడ్డు ఆకారపు కళ్ళు ఒకదానికొకటి ఆనుకుని, మొహం పై భాగంలో నీలం లోకి చొచ్చుకుని ఉంటాయి. వాటి కిందనే ఎర్రటి గుండ్రటి ముక్కు, ముక్కు నుంచి నోటి దాకా ఒక నిలువు గీత. మా దాని కళ్ళు దూరం దూరంగా, మొహం మధ్యలో, లోపల మెరుపు చుక్కలతో ఉన్నాయి. ముక్కు గులాబీ రంగులో మూడు మూలలుగా ఉంది, నిజం పిల్లి ముక్కులాగా.

రంగులు కూడా లెక్కపెట్టాం. డోరేమాన్‌కు నీలం, తెలుపు, ఎరుపు, అంతే. ముక్కు, మెడపట్టీ, తోక చివర ఉండ ఎరుపు. పసుపు ఒక్క గంటకే. నోరు తెరిచి ఉంటే నాలుక రంగు అదనం. మా బొమ్మ మెడపట్టీ ఆకుపచ్చ. గంట లేదు, దాని బదులు బో. నీలం కూడా బడి యూనిఫారం ప్యాంటు లాంటి ముదురు నీలం.

గీత తీరు గురించి ఒక జాగ్రత్త. టీవీ డోరేమాన్‌లో వెలుగునీడలు పెద్దగా ఉండవు. ఒకే మందం గీత, లోపల ఒకే రంగు. అందుకని నీడలు వేసి ఉబ్బెత్తుగా కనిపించే బొమ్మ ముద్రించిన బ్యాగు చూస్తే నకిలీ అనుకోవచ్చు. కానీ 2014లో వచ్చిన కంప్యూటర్ యానిమేషన్ సినిమాలో డోరేమాన్ అట్లనే ఉబ్బెత్తుగా ఉంటుంది. అక్కడ కూడా కళ్ళు ఆనుకునే ఉంటాయి, చెవులు ఉండవు, రంగులు అవే. కాబట్టి నీడలను బట్టి తీర్పు చెప్పకండి. అట్లనే మీసాలు. పక్కకు మూడేసి ఉండాలి, కానీ బొటనవేలంత కీచైన్ల మీద కుట్టడం కష్టమని రెండేసే వేస్తారు. మా సరైన తొమ్మిదిలో కూడా రెండింటికి అట్లనే ఉన్నాయి. వాటిని నేను తప్పు పట్టలేదు. పెద్ద బొమ్మ మీద రెండేసి ఉంటే మాత్రం ఊరుకోకండి.

(ఈ రంధిలో పడి ఇంకోటి తెలిసింది. దాని ఎత్తు 129.3 సెంటీమీటర్లు, బరువు 129.3 కిలోలు, పుట్టినరోజు 2112 సెప్టెంబర్ 3. అంకెల్లోంచి 12, 9, 3 ఏరుకుంటే మళ్ళీ అదే. మా పాప ఇది ఇంటికొచ్చిన చుట్టాలందరికీ ఓళిగలతో పాటు వడ్డించింది.)

మరుసటి రోజు పెట్టె పట్టుకుని అంగడికి పోయాను. "బొమ్మ బొమ్మే కదక్కా, పిల్లోళ్ళకేం తెలుస్తుంది" అన్నాడు. పక్కనే ఉన్న మా పాపను చూపించి, "ఈమెనే అడుగప్పా" అన్నాను. పాప ఒక్కో బొమ్మ తీసి చెప్పుకుంటూ పోయింది. ఆయన నవ్వాడు గానీ, బిల్లు మీద 'నీలం పిల్లి బొమ్మ 1, చిన్నవి 20' అని ఉంది చూపించాడు. డోరేమాన్ అనే మాటే లేదు. ఆ తొమ్మిది, డోరమీలు మూడు పోను తప్పుడువి ఎనిమిది. లోపల ఉన్న సరైనవి ఐదు మాత్రమే మార్చి ఇచ్చాడు. చెవులున్న చిన్న బొమ్మలు మూడు, పెద్ద బొమ్మ నా నెత్తినే మిగిలాయి. 860 రూపాయలు పోయినట్టే.

మీరు కొనేటప్పుడు బిల్లు మీద 'డోరేమాన్, చెవులు లేనిది, పంపిన ఫోటోలో ఉన్నట్టు' అని రాయించుకోండి. పెట్టె అక్కడే విప్పించండి. టేపు వేశామంటే మళ్ళీ వేయమనండి. ఫోన్‌లో డోరేమాన్ బొమ్మ ఒకటి తెరిచి పక్కన పెట్టుకుని, ముందు చెవులు, తర్వాత కళ్ళు ఆనుకున్నాయా లేదా, తర్వాత రంగులు చూస్తే ఇరవై బొమ్మలకు ఐదు నిమిషాలు కూడా పట్టదు. ఒకటి మాత్రం తెలుసుకోండి. ఇవన్నీ సరిపోయినా అది కంపెనీ లైసెన్సు ఉన్న బొమ్మ అని కాదు, బాగా చేసిన కాపీ కూడా కావచ్చు. దానికి కుట్టులో కలిపిన ట్యాగు, తయారీదారు పేరు చూడాలి. 70 రూపాయల బొమ్మల్లో నేనైతే అది ఆశించను, నాకు బొమ్మ సరైనది అయితే చాలు.

నిన్న అటు పోతుంటే చూశాను. గుమ్మం పక్కన ప్లాస్టిక్ కవర్లలో అవే నీలం చెవుల బొమ్మలు వేలాడుతున్నాయి. పైన బోర్డు మీద మాత్రం నాకు పంపిన ఫోటోనే.