ఉదయగిరి దుర్గానికి పిల్లలతో మూడు రోజులు

మా బడి పిల్లల్ని ఉదయగిరి కొండ ఎక్కించడానికి తలకు 4,200 రూపాయలు అడిగిన క్యాంపు నిర్వాహకుడు ఇచ్చిన కాగితం చివర ‘అత్యవసర ఫోను నంబర్లు’ అని ఐదు నంబర్లు ఉన్నాయి. మా డ్రిల్లు మాస్టారు స్టాఫ్ రూములో కూర్చుని వరసగా అన్నింటికీ ఫోను చేశారు. రెండు పనిచేయడం లేదు. ఒకటి ఉదయగిరికి దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో, నెల్లూరులో ఉన్న ఆసుపత్రిది. ఇంకొకటి ఎత్తిన మనిషికి అసలు ఆ క్యాంపు సంగతే తెలియదు. ఐదోది నిర్వాహకుడి సొంత నంబరు. పది మంది పిల్లలకు ఒక గైడు అని అదే కాగితంలో ఉంది. మా 32 మందికి ఎంతమందిని పంపుతారని అడిగితే, ‘ఇద్దరు చాలు, మీ టీచర్లు ఉంటారు కదా’ అన్నాడు. వద్దని చెప్పాం. బయానా కింద తీసుకున్న 5,000 రూపాయలు మాత్రం ఇప్పటికీ తిరిగి ఇవ్వలేదు. పిల్లల ప్రాణాలకు సంబంధించిన కాగితాన్ని ఇంత నిర్లక్ష్యంగా రాయడం నేను క్షమించలేను. ఏర్పాట్లన్నీ మేమే చేసుకున్నాం.

అటవీ శాఖవారి అనుమతి తీసుకున్నాక, క్యాంపుకు రెండు వారాల ముందు దారి చూడటానికి వెళ్లాం. అక్కడ దొరికిన మనిషి వల్లే ఈ యాత్ర నిలబడింది. చిన్నప్పటినుంచి ఆ కొండ మీద మేకలు తోలిన పెద్దాయన ఆయన. రోజుకు 700 రూపాయలకు, తన మేనల్లుణ్ణి కూడా వెంటబెట్టుకుని వచ్చారు. పిల్లలు ఎక్కబోయే వేళకే, తెల్లవారి ఆరింటికే మమ్మల్ని నడిపించారు. సగం దూరం పోయాక ఒక బండ కింద ఆగి, గొంతు తగ్గించి, ‘ఇక్కడ మాట్లాడకండమ్మా, పైకి చూడండి’ అన్నారు. చూరులా ముందుకు వచ్చిన రాతికి పెద్ద తేనెపట్లు వేలాడుతున్నాయి. 32 మంది పిల్లలు కేకలు వేస్తూ ఆ కింద నడిస్తే ఏమయ్యేదో ఊహించుకోలేను. ఆయన చుట్టుదారి చూపించారు. అది పావుగంట ఎక్కువే, అయినా అదే ఖాయం చేశాం. అత్తరు, సువాసన నూనెలు, పొగ పూర్తిగా నిషేధమని పిల్లల ఇళ్లకు రాసి పంపాం.

ప్రతి మలుపు దగ్గరా రెండు కంపెనీల సిమ్ములతో ఫోను చేసి చూశాం. ఎక్కడ మాట వినిపించిందో, ఎక్కడ లేదో పుస్తకంలో రాసుకున్నాం. తెరలో గీతలు కనిపించినా కాల్ కలవని చోట్లున్నాయి కాబట్టి, నిజంగా మాట్లాడి చూడాలి. ఒక పాత గోడ దగ్గర రెండూ బాగా పనిచేశాయి. ఆ పైన దాదాపు అంతటా నిశ్శబ్దమే. పైకి మా పెద్దవాళ్లకు గంటా ఇరవై నిమిషాలు పట్టింది. పిల్లలకు దాన్ని రెట్టింపు చేసుకున్నాం. తొమ్మిదిన్నరకు ఎక్కడున్నా వెనక్కి తిరగాలన్నది అప్పుడు పెట్టుకున్న నియమమే.

దిగివచ్చాక ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి పాముకాటు మందు ఉందా, రాత్రి వేళ డాక్టరు ఉంటారా అని అడిగాం. అక్కడి నంబరు, పోలీసు స్టేషను నంబరు, జీపు డ్రైవరు నంబరు, 108, 112 ఒకే చీటీలో రాసి ప్రతి టీచరు జేబులో పెట్టాం. చీటీ వెనకవైపు, ఫోను కలిసే చోట్లు. 108 బండి రోడ్డు దాకానే వస్తుంది. అక్కడి దాకా బిడ్డను దింపుకోవలసింది మనమే.

పెద్దవాళ్ల లెక్క కూడా ఆ దింపుడు నుంచే పుట్టింది. ఎనిమిది మందికి ఒక టీచరు చొప్పున నాలుగు జట్లు. ముందు డ్రిల్లు మాస్టారు, పెద్దాయన. చివర నేను, మేనల్లుడు. కింద జీపు దగ్గర మా లెక్కల మాస్టారు. ఒక బిడ్డకు దెబ్బ తగిలితే ఒకరు పక్కన ఉండాలి, ఇద్దరు ఫోను కలిసే చోటికి పోవాలి, మిగిలిన ఏడుగురు పక్క జట్టులో కలవాలి. మోయాల్సి వస్తే నలుగురు కావాలి. ‘పదిమందికి ఒకరు’ అన్న లెక్క ఎవరికీ ఏమీ కానంతవరకే సరిపోతుంది. కొండ ఎక్కలేదని లెక్కల మాస్టారు రెండు రోజులు ముభావంగా ఉన్నారు గానీ, ఆ చోట కదలకుండా కూర్చునే మనిషి ఉండి తీరాలి.

ఆరు వారాల ముందునుంచి తయారీ. మొదట రోజూ అరగంట నడక, తర్వాత భుజాన సంచీతో మా మూడంతస్తుల మెట్లు. సంచీ బరువు బిడ్డ బరువులో పదో వంతు దాటనివ్వలేదు. మెట్లు ఎక్కించడం కంటే దింపడం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాం, ఎందుకంటే తిరుగు దారిలో తొడలు వణికినప్పుడే కాలు మెలిపడుతుంది. నడుస్తూ పూర్తి వాక్యం చెప్పలేనివాళ్ల వేగం తగ్గించాం. ఐదో వారంలో పెన్నా ఒడ్డున ఎనిమిది కిలోమీటర్లు నడిపిస్తే కొత్త బూట్లవాళ్లందరికీ పొక్కులు వచ్చాయి. కొత్త బూట్లు ఇంట్లో వదలమని గట్టిగా చెప్పాం. ఆరోగ్య పత్రంలో ఏమీ రాయని తల్లిదండ్రులకు విడిగా ఫోను చేస్తే ఇద్దరు పిల్లలకు ఉబ్బసం ఉందని బయటపడింది. వాళ్ల ఇన్హేలర్లు ఒకటి పిల్లల దగ్గర, ఒకటి టీచరు దగ్గర.

మొదటి రోజు ప్రయాణం, సాయంత్రం ఘటిక సిద్ధేశ్వరం గుడి. రాత్రి బసకు చేరేదాకా అంతా హాయిగా గడిచింది.

రెండో రోజు కొండ. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గెలిచిన కోట గోడల మధ్య పిల్లల ముఖాలు చూడాలి! ఎనిమిదింపావుకు, ఫోను కలవని చోట, ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు చిరాకుగా విసుక్కోవడం మొదలుపెట్టాడు. తలనొప్పి అన్నాడు, వెంటనే వాంతి. ఉదయం టిఫిను తినలేదట. జట్టులోని ఏడుగురిని ముందు జట్టులో కలిపేశాం. వాళ్ల టీచరు, మేనల్లుడు గోడ దగ్గరికి దిగి జీపుకు, ఆసుపత్రికి ఫోను చేశారు. నేను వాణ్ణి నీడలో పడుకోబెట్టి, బూట్లు విప్పి, మెడకు, చంకలకు తడిగుడ్డ వేసి, ఓఆర్ఎస్ గుక్కగుక్కగా తాగించాను. తికమకగా మాట్లాడినా, స్పృహ తప్పినా మోసుకుని దిగడమే. వాడు నా పేరు, తేదీ సరిగ్గా చెప్పాడు. అరగంటలో తేరుకుని, మా ముగ్గురి మధ్య నెమ్మదిగా నడిచి దిగాడు. డాక్టరు చూసి పంపేశారు.

ఇక బస. రెండు రాత్రులకు 9,000 రూపాయలు కట్టించుకున్న హాలులో నాలుగు మరుగుదొడ్లు అన్నారు. వెళ్లేసరికి రెండింటికి తాళాలు, ట్యాంకులో చుక్క నీరు లేదు. మేనేజరు ‘నీళ్ల సంగతి ముందు చెప్పలేదు కదా’ అన్నాడు. ఆడపిల్లలు రాత్రి పదింటికి బకెట్లతో వరసలో నిలబడ్డారు. ట్యాంకరుకు మా చేతినుంచి 900. మా తెలుగు టీచరమ్మ అంత గట్టిగా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు, తాళాలు మాత్రం ఆ తర్వాతే తెరుచుకున్నాయి. బస మాట్లాడేటప్పుడు కుళాయి తిప్పి చూడండి, మరుగుదొడ్ల సంఖ్య రసీదు మీద రాయించండి. అవకాశముంటే ఏదైనా బడి భవనం అడగండి.

అన్నీ కలిపి, బస్సు, తిండి, జీపు, గైడులతో తలకు 2,650 రూపాయలు వసూలు చేశాం, సరిపోయింది. కాలం మాత్రం సంక్రాంతి తర్వాతే పెట్టుకోండి. నవంబరులో ఈశాన్య రుతుపవన వానలకు బండలు పాచిపడతాయి, వాయుగుండం వస్తే తేదీలన్నీ తారుమారవుతాయి. మార్చి దాటితే తొమ్మిదింటికే రాయి కాలుతుంది. మనిషికి మూడు లీటర్ల నీళ్లు కిందినుంచే మోసుకెళ్లాలి, కోనేటి నీళ్లు తాగనివ్వకండి.