కార్డు పాయింట్లతో విమానం టికెట్టు: గుంటూరు నుంచి కొన్నేళ్లు వాడి చూశాక

మా తమ్ముడు ఢిల్లీలో స్థిరపడ్డాడు. గుంటూరు నుంచి మేము, అక్కణ్ణుంచి వాళ్లు, ఏడాది పొడుగునా రాకపోకలు ఉంటాయి. ఆ టికెట్ల భారం తగ్గించుకోవడానికే క్రెడిట్ కార్డు రివార్డ్ పాయింట్లు పోగెయ్యడం మొదలుపెట్టాను. కార్డు కొత్తగా తీసుకున్నవాళ్లు నన్ను ఎన్ని పాయింట్లు వస్తాయని అడుగుతారు. దానికంటే ముందు అడగాల్సింది ఒక్కో పాయింటు ఎంతకు చెల్లుతుందని. ఒకే పాయింటు ఎక్కడ వాడామన్నదాన్ని బట్టి పావలా నుంచి 90 పైసల దాకా పలకడం నేను నా కార్డులోనే చూశాను.

ముందు రాబడి సంగతి. నా కార్డు ప్రతి 100 రూపాయల ఖర్చుకు 2 పాయింట్లు ఇస్తుంది. నెలకు 30,000 గీకితే ఏడాదికి 7,200 పాయింట్లు. పెద్ద రాశేమీ కాదు. పైగా అన్ని ఖర్చులకూ రావు. పెట్రోలు, ఇంటి అద్దె, వాలెట్‌లో వేసుకునే డబ్బు చాలా కార్డుల్లో లెక్కలోకి రావు. నాకు ఎక్కువగా వచ్చేవి నెలసరి సరుకులు, మందులు, బట్టలు, కరెంటు వస్తువుల మీద. కొన్ని షాపుల్లో కార్డు తీయగానే రెండు శాతం అదనం అంటారు. అక్కడ నేను యూపీఐలోనే కడతాను. పాయింటుకు 50 పైసలు లెక్కేసినా నాకు తిరిగొచ్చేది నూటికి ఒక రూపాయి, అదనంగా పోయేది రెండు. పిల్లల ఫీజు యాప్‌లో కట్టేటప్పుడు పడే కన్వీనియన్స్ ఫీజుకూ ఇదే లెక్క.

పోగైన పాయింట్లను వాడుకునే దారులు నా బ్యాంకులో మూడున్నాయి. మొదటిది బహుమతుల జాబితా: మిక్సీలు, గిఫ్ట్ ఓచర్లు. అక్కడ పాయింటు 25 పైసలు. నా దృష్టిలో అది పాయింట్లు పారేసుకోవడమే. రెండోది బ్యాంకు సొంత ట్రావెల్ పోర్టల్. మామూలు టికెట్టే తీసుకుంటాం, ధరలో కొంత భాగం పాయింటుకు 50 పైసల చొప్పున తగ్గిస్తారు. ధరలో ఇంత శాతం వరకే అనే పరిమితి కొన్ని బ్యాంకుల్లో ఉంటుంది. మూడోది పాయింట్లను విమాన సంస్థ సభ్యత్వ ఖాతాలోకి మైళ్లుగా, అంటే ఆ సంస్థ సొంత పాయింట్లుగా మార్చుకుని, ఆ మైళ్లతో సీటు తీసుకోవడం. నా కార్డులో 2 పాయింట్లకు 1 మైలు. సంస్థను బట్టి ఈ సభ్యత్వ పథకం పేరు మారుతుంది. ఎయిర్ ఇండియాది మహారాజా క్లబ్, ఇండిగోది బ్లూచిప్.

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఈ మూడో దారిలోనే, ఎక్కువ లాభం ఉన్నదీ ఇక్కడే. మైళ్లతో తీసుకున్న టికెట్టు ఉచితం కాదు. విమానాశ్రయ రుసుములు, భద్రతా రుసుము, పన్నులు డబ్బుగానే కట్టాలి. అందుకని నేను టికెట్టు ధరలోంచి ఆ డబ్బు తీసేసి, మిగిలినదాన్ని ఖర్చయ్యే కార్డు పాయింట్లతో భాగిస్తాను. వచ్చేదే పాయింటు అసలు విలువ.

ఒకసారి అనుకోకుండా రెండు రోజుల్లో ఢిల్లీ వెళ్లాల్సి వచ్చింది. గన్నవరం నుంచి ఒకవైపు టికెట్టు 12,500 చూపిస్తోంది. అదే విమానంలో మైళ్ల సీటు ఉంది: 6,000 మైళ్లు, ఆపైన 1,600 రూపాయలు. 6,000 మైళ్లంటే నా కార్డులో 12,000 పాయింట్లు. 12,500లోంచి 1,600 తీస్తే 10,900. దాన్ని 12,000తో భాగిస్తే పాయింటుకు దాదాపు 91 పైసలు. అవే 12,000 పాయింట్లు పోర్టల్‌లో వాడుంటే తగ్గేది 6,000 మాత్రమే. అంటే మైళ్ల దారిలో 4,900 ఎక్కువ మిగిలింది.

అదే ప్రయాణం పెళ్లిళ్లూ పండగలూ లేని నెలలో ముందుగా చూస్తే ధర 5,200 ఉంటుంది. మైళ్ల సీటుకు మాత్రం అదే 6,000, అదే 1,600. మిగిలేది 3,600, పాయింటుకు 30 పైసలు. అంతే తగ్గింపు పోర్టల్‌లో 7,200 పాయింట్లకే వస్తుంది. అందుకే టికెట్టు చవగ్గా ఉన్నప్పుడు నేను మైళ్ల జోలికి పోను. ఈ లెక్క మైళ్ల సంఖ్య స్థిరంగా ఉండే సీట్లకు. ధర పెరిగితే మైళ్లు కూడా పెరిగే పద్ధతి ఉన్నచోట ఈ తేడా పెద్దగా ఉండదు, పోర్టలే మేలు.

ఇక చిక్కులు. మైళ్లకు ఇచ్చే సీట్లు విమానానికి కొన్నే. సంక్రాంతికి ధర మండిపోయే రోజుల్లో మనకు అవి నిజంగా అవసరం, ఆ రోజుల్లోనే అవి కనపడవు. ఒకసారి మైళ్లుగా మారిన పాయింట్లు వెనక్కి రావు. మార్పిడి కొన్నిచోట్ల నిమిషాల్లో అయిపోతుంది, కొన్నిచోట్ల రోజులు పడుతుంది, ఈలోగా సీటు పోవచ్చు. కాబట్టి వరుస ఇలా ఉండాలి: ముందు విమాన సంస్థ సైట్‌లో లాగిన్ అయి మనకు కావలసిన తేదీకి మైళ్ల సీటు ఉందో లేదో చూడాలి, తర్వాత బ్యాంకు సైట్‌లో మార్పిడికి పట్టే సమయం చూడాలి, ఆ తర్వాతే ఆ టికెట్టుకు సరిపడా పాయింట్లు మాత్రమే మార్చాలి. నేను సభ్యత్వ ఖాతా చాలా ముందే తెరిచి పెట్టుకున్నాను. ఖాతాకు డబ్బేమీ కట్టక్కర్లేదు.

ఆ ఖాతా తెరిచేటప్పుడు మనవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది పేరుతో. బ్యాంకు కార్డు మీద ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు ఉంటుంది, విమాన సంస్థ ఫారంలో ఇంటిపేరు పూర్తిగా చివర అడుగుతుంది. రెండుచోట్లా పేరు కలవకపోతే మార్పిడి ఆగిపోవచ్చు. మా బావగారికి ఇలాగే జరిగితే, కార్డు మీద పేరును ఆధార్‌లో ఉన్నట్టు బ్యాంకులో మార్పించుకున్నాకే మైళ్లు జమయ్యాయి. కార్డుకు దరఖాస్తు పెట్టేటప్పుడే పూర్తి పేరు రాస్తే ఈ తిప్పలుండవు.

వార్షిక రుసుము నా కార్డుకు 2,500, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 2,950. ఏడాదిలో 3 లక్షలు ఖర్చు చేస్తే రద్దు చేస్తారు. నెలకు 30,000 గీకే నాకు అది రద్దవుతోంది. నెలకు పది, పన్నెండు వేలు వాడే ఇంటికి ఈ కార్డు నేను చెప్పను. ఏడాదికి వచ్చే పాయింట్ల విలువ పోర్టల్ లెక్కలో 1,500 కూడా దాటదు, రుసుమే దాన్ని మింగేస్తుంది. అలాంటివాళ్లకు రుసుము లేని క్యాష్‌బ్యాక్ కార్డు చాలు. బిల్లు పూర్తిగా కట్టకుండా కనీస మొత్తం కట్టి నెట్టుకొచ్చేవాళ్లయితే ఏ పాయింట్లూ వద్దు. మిగిలిన బాకీ మీద నెలకు మూడున్నర శాతం పైగా కూడా వడ్డీ పడవచ్చు, పాయింట్ల రాబడి ఒక శాతం.

మొత్తం మీద ఈ కార్డుకు నేను అయిదుకు నాలుగు మార్కులు వేస్తాను. తగ్గించిన ఆ ఒక్క మార్కు బ్యాంకు చేతిలో ఉన్న అధికారానికి. పాయింటుకు ఎన్ని మైళ్లన్నది బ్యాంకు నోటీసు ఇచ్చి ఎప్పుడైనా మార్చుకోవచ్చు. మైళ్ల సీటుకు ఎన్ని మైళ్లన్నది విమాన సంస్థ పెంచుకోవచ్చు. నా కార్డులో పాయింట్ల గడువు మూడేళ్లున్నా, ఒక టికెట్టుకు సరిపడా అంటే 12,000 చేరగానే నేను టికెట్టు చూడటం మొదలుపెడతాను. ఆపైన దాచుకోను.