XMATCH చివర్లో ఉన్న ఆ 1: మూడేళ్ల వాడకం తర్వాత

బరువు ఒక పక్క, జోన్ ఒక పక్క పెట్టి, రెండూ కలిసే గడిలోని కొరియర్ రేటు తెచ్చుకునే Excel షీట్ ఎలా కట్టాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. INDEX, దాని లోపల రెండు MATCHలు. అది మళ్లీ చెప్పను. బరువు వైపు MATCH చివర్లో పెట్టే ఆ ఒక్క అంకె మీద నాకున్న కోపం గురించే ఇదంతా.

నేను ఇంటి నుంచే చేతిపని వస్తువులు పంపుతుంటాను. ఈ షీట్ మొదలుపెట్టి మూడేళ్లు దాటింది. మొదట్లో కట్టిన సూత్రం ఇది:

```
=INDEX($B$2:$D$5, MATCH(F2,$A$2:$A$5,1), MATCH(G2,$B$1:$D$1,0))
```

F2లో బరువు గ్రాముల్లో, G2లో జోన్ పేరు. A నిలువు వరసలో 0, 500, 1000, 2000. పైన అడ్డంగా దగ్గర, మధ్య, దూరం. సులువుగా చెప్పడానికి మధ్య జోన్ రేట్లు వరసగా 60, 95, 160, 350 అనుకోండి. 740 గ్రాములు వేస్తే 95 వస్తుంది, 1300 వేస్తే 160. నాలుగైదు బరువులు వేసి చూసి, అన్నీ సరిగ్గా రావడంతో ఇక దాన్ని ముట్టుకోలేదు. అడిగిన వాళ్లకల్లా "ఒక్కసారి రాసుకుంటే చాలు, మళ్లీ చూసే పనే లేదు" అని చెప్పాను కూడా.

ఎనిమిది నెలల తర్వాత ఒకావిడ మెసేజ్ పెట్టారు. "మేడమ్, పార్సెల్ మీద బరువు 500 గ్రాములని, చార్జీ 60 అని ఉంది. మీరు నా దగ్గర 95 తీసుకున్నారు." పొరపాటున పక్క జోన్ ఎంచుకున్నానేమో అనుకుని షీట్ తెరిచాను. జోన్ మధ్య అనే ఉంది, బరువు 500 అనే ఉంది, రేటు మాత్రం 95. F2లో 499 కొట్టాను, 60కి దిగింది. మళ్లీ 500 కొట్టాను, 95. అప్పటికి నాకు గొంతు తడారిపోయింది.

MATCH చివర 1 పెడితే, ఇచ్చిన సంఖ్యకు సమానమైనది గానీ, దానికన్నా చిన్నవాటిలో అన్నిటికన్నా పెద్దది గానీ వెతుకుతుంది. 500 ఇస్తే A నిలువులో 500 దొరికింది, అది రెండో వరస. అంటే నా పట్టికలో రెండో శ్లాబు 500 దగ్గరే మొదలవుతోంది. కొరియర్ రేట్ కార్డులో ఉన్నదేమో "500 గ్రాముల వరకు". అక్కడ 500 మొదటి శ్లాబుకు చివరి అంచు. వాళ్లు పై హద్దు రాస్తారు, నేను కింది హద్దు రాసుకున్నాను. అంచు మీద కూర్చున్న బరువు తప్ప మిగతావన్నీ రెండు పద్ధతుల్లోనూ ఒకే శ్లాబులో పడతాయి కాబట్టి ఇన్నాళ్లూ బయటపడలేదు.

అంచు మీద పడేవి అరుదే కదా అని మీకు అనిపించవచ్చు. నాకు మాత్రం అరుదు కాదు. శ్లాబు దాటకూడదని అట్ట ముక్క తీసేసి, బబుల్ కవర్ ఒక చుట్టు తగ్గించి, తూకం మీద సరిగ్గా 500 చూపించేదాకా కత్తిరించి ప్యాక్ చేసేది నేనే. రేటు తగ్గాలని పడిన పాటు వల్లనే రేటు పెరిగింది. పాత వరసల్లో కచ్చితంగా 500, 1000, 2000 ఉన్నవాటిని ఫిల్టర్ చేసి చూస్తే 31 పార్సెళ్లు తేలాయి. అందరికీ డబ్బు వెనక్కి పంపాను. ఇద్దరు మాత్రం మళ్లీ ఆర్డర్ పెట్టలేదు.

అప్పుడు దొరికింది XMATCH. A నిలువులో ఇప్పుడు రేట్ కార్డులో ఉన్నట్టే పై హద్దులు రాశాను: 500, 1000, 2000, 5000. సూత్రం ఇలా మారింది:

```
=INDEX($B$2:$D$5, XMATCH(F2,$A$2:$A$5,1), XMATCH(G2,$B$1:$D$1,0))
```

చూడ్డానికి చివరి 1 అలాగే ఉంది. అర్థం మాత్రం తిరగబడింది. XMATCHలో 1 అంటే సమానమైనది, లేకపోతే దాని పై సంఖ్య. 500 వేస్తే 60, 501 వేస్తే 95. పాత MATCHలో కూడా పై సంఖ్యను వెతకొచ్చు, కానీ అక్కడ -1 పెట్టి, బరువుల్ని పెద్దదాని నుంచి చిన్నదానికి తిప్పి రాయాలి. ఒకే ఇంటి పిల్లలకు ఒకే అంకె రెండు వైపులా చూపించడమేమిటో, ఆ పేర్లు పెట్టినవాళ్లకే తెలియాలి. పాత షీట్‌లో MATCH ముందు ఒక X చేర్చి ఊరుకుంటే సరిపోదు, హద్దుల్ని కూడా మార్చాల్సిందే.

దీనితో నాకు అనుకోకుండా కలిసొచ్చింది ఇంకొకటి. పాత సూత్రంలో 7000 గ్రాములు వేసినా నోరెత్తకుండా చివరి శ్లాబు రేటు 350 ఇచ్చేది. కొత్తది 5000 దాటితే #N/A అంటుంది. మొదట్లో అది బాగాలేదనిపించి, జోన్ నింపని వరసలు కూడా ఎర్రర్లతో నిండిపోతున్నాయని, మొత్తాన్ని IFERRORలో చుట్టి 0 పెట్టాను. ఓ సాయంత్రం 5300 గ్రాముల పెట్టె ఒకటి ఉచితంగా వెళ్లిపోయింది. ఇప్పుడు 0 స్థానంలో "చేత్తో చూడాలి" అని రాసుకున్నాను. కాబట్టి మళ్లీ చూసే పనే లేదన్న నా మాటను కాస్త సవరించుకుంటున్నాను. హద్దులు మార్చినప్పుడల్లా 500, 501, 5000, 5001 వేసి చూడనిదే నాకు నిద్ర పట్టదు.

మా అక్క పాత Excel వాడుతుంది, అందులో XMATCH లేదు. హద్దుల్ని 0, 501, 1001, 2001 అని రాసుకుని పాత MATCHతోనే నెట్టుకొచ్చింది. పూర్తి గ్రాములైతే అది పనిచేస్తుంది. పెట్టె కొలతల నుంచి బరువు లెక్కగట్టినప్పుడే తేడా వచ్చింది. సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 5తో భాగిస్తే గ్రాములు వచ్చే లెక్క అది. 23×17×6.4 పెట్టెకు 500.48 వచ్చింది. గడిలో కనిపించేది 500, కొరియర్ వేసింది రెండో శ్లాబు, అక్క షీట్ ఇచ్చింది మొదటిది. ఆమెకు ఇలా రాసిచ్చాను, హద్దులు నా షీట్‌లోవే:

```
=INDEX($B$2:$D$5, COUNTIF($A$2:$A$5,"<"&F2)+1, MATCH(G2,$B$1:$D$1,0))
```

బరువుకన్నా చిన్న హద్దులు ఎన్నున్నాయో లెక్కపెట్టి ఒకటి కలుపుతుంది. 500కి ఒక్కటీ లేదు, మొదటి వరస. 500.48కి ఒకటుంది, రెండో వరస. 5000 దాటితే #REF! వస్తుంది. నిజం చెప్పాలంటే ఇదే నా దానికన్నా నచ్చింది, ఏ వెర్షన్‌లోనైనా నడుస్తుంది. అయినా నేను XMATCHతోనే ఉన్నాను. ఆర్నెల్ల తర్వాత తెరిచినప్పుడు ఆ +1 ఎందుకుందో నాకు గుర్తుండదు.

నావి రోజుకు పది పదిహేను పార్సెళ్లు, ఒకటే రేట్ కార్డు, మూడు జోన్లు. ఆ మేరకు నాకు ఇది బాగానే ఉంది. మీ కొరియర్ ఒక బరువు దాటాక "ప్రతి అదనపు 500 గ్రాములకు ఇంత" అని వేసేవాళ్లయితే పట్టికను సాగదీయకుండా, ఆ భాగాన్ని విడిగా CEILINGతో లెక్కగట్టడమే మేలనుకుంటాను. నాకు ఇంకా ఆ అవసరం పడలేదు, 5000 పైన ఉన్నవి నెలకు రెండో మూడో వస్తాయి, వాటిని చేత్తోనే చూసుకుంటున్నాను.