మూడేళ్లుగా నోటితో రాస్తున్నాను: ఫోన్ మైక్ సమీక్ష

కుడి మణికట్టు నొప్పితో ఈ పని మొదలైంది. ఆఫీసులో రోజంతా టైపింగే, ఇంటికొచ్చి మళ్లీ రాతకు కూర్చుంటే చెయ్యి మొండికేసేది. మా ఊరి చెరువు గురించి, నీరటి పని చేసిన మా తాత గురించి చిన్న చిన్న వ్యాసాలు రాసుకుంటుంటాను. నీరటి అంటే తెలియనివాళ్లకు ఒక మాట: చెరువు తూము తీయడం, మూయడం, ఎవరి మడికి ఎప్పుడు నీళ్లు వదలాలో చూడటం ఆయన పని. జీతం వడ్లలో ఇచ్చేవాళ్లు. ఆ కబుర్లన్నీ ఇప్పుడు ముందు ఫోన్‌కు చెప్తాను, తర్వాత ఆ రాతను కూర్చుని చక్కబెడతాను. మూడేళ్లలో నలభై దాకా ఇలా రాశాను.

పద్ధతి ఇది. సాయంత్రం డాబా ఎక్కుతాను. ఫోన్‌లో నోట్స్ తెరిచి, కీబోర్డ్ భాష తెలుగుకు మార్చి, మైక్ బొమ్మ నొక్కి నడుస్తూ మాట్లాడతాను. ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు, అంతే. ఎనిమిది నిమిషాలకు నాకు ఏడొందల మాటలు వస్తాయి. చివరికి మిగిలేది అందులో సగం.

మొదటి రెండు నెలలూ బాగా విసిగిపోయాను. కాసేపు ఆగి ఆలోచిస్తే మైక్ దానంతట అదే ఆగిపోతుంది. అది ఆగిందని తెలియక నాలుగు నిమిషాలు గాలికి చెప్పిన రోజులున్నాయి. ఇప్పుడు స్క్రీన్ మీద ఓ కన్ను వేసి ఉంచుతాను, ఆలోచన రాకపోతే ‘ఆ తర్వాత, ఆ తర్వాత’ అంటూ ఏదో ఒకటి అంటుంటాను. తర్వాత కొట్టేస్తే సరి. నా ఫోన్‌లో చుక్కలు, కామాలు పడవు, అంతా ఒకటే గొలుసు. నెట్ సరిగా లేకపోతే మాటలే పడవు. గాలి ఎక్కువగా ఉన్నా అంతే.

కానీ అసలు చిక్కు మైక్‌లో లేదు, నా గొంతులో ఉంది. ఫోన్ ముందు పెట్టుకోగానే నేను రేడియో వార్తలు చదివేవాడిలా మాట్లాడేవాణ్ని. ‘మా గ్రామంలో చెరువు యొక్క ప్రాముఖ్యత’ అని మొదలుపెట్టేవాణ్ని. అలా చెప్పేటట్టయితే టైప్ చేసుకోవచ్చుగా! దీనికి నాకు దొరికిన మందు ఒక్కటే, ఎదురుగా ఒక మనిషిని ఊహించుకోవడం. నేను మా అక్కను ఊహించుకుంటాను. ‘అక్కా, నీకు యాదికుందా, తాత రాత్రిపూట...’ అని మొదలుపెడితే గొంతు దానంతట అదే ఊరికి పోతుంది.

అక్కడే రెండో చిక్కు. ఊరి గొంతు ఫోన్‌కు సరిగా అందదు. మాది వరంగల్ వైపు. ‘వచ్చిండు’ అంటే ‘వచ్చింది’ అని పడుతుంది. ఒక్క అక్షరమే తేడా, కానీ మా తాత కాస్తా ఏ ఆవో బర్రో అయిపోతాడు. ‘పోయేటోడు’ అన్న చోట ‘పోయేటప్పుడు’ అని పడుతుంది. ఇంకా నవ్వొచ్చేది మత్తడి. చెరువు నిండాక అదనపు నీళ్లు పొర్లిపోయే చోటును మేం మత్తడి అంటాం, కొన్ని ఊళ్లలో అలుగు అంటారు. ‘మత్తడి దుంకుతుంది’ అని నేనంటే ఫోన్ ‘మొత్తం అది దూకుతుంది’ అని రాసింది. ఇలాంటివి నవ్వుకుని దిద్దేస్తాం కాబట్టి వీటితో ప్రమాదం లేదు.

ప్రమాదం కనబడని తప్పులతోనే. తెలుగులో ఒత్తి చెప్పాలంటే మాట చివర ఒక ‘ఏ’ చేరుస్తాం, లేదా చివరి అచ్చును సాగదీస్తాం. ‘నేను మూశాను తూము’ వేరు, ‘నేనే మూశాను తూము’ వేరు. మొదటిది సమాచారం, రెండోది తగాదా. ఫోన్ ఆ ‘ఏ’ని చాలాసార్లు మింగేస్తుంది. ‘చిన్న చిన్న’ అని రెండుసార్లు అంటే ఒకసారే రాస్తుంది. మిగిలిన వాక్యం వ్యాకరణంగా తప్పేమీ ఉండదు, అందుకే కంటికి ఆనదు. రెండు రోజుల తర్వాత చదివితే నేను అలాగే అన్నానేమో అనుకుంటాను.

అందుకని ఇప్పుడు మాటలను పక్కనే రికార్డు కూడా చేస్తాను. ఒకే ఫోన్‌లో రెండూ చేయబోతే నా రికార్డింగ్ అంతా నిశ్శబ్దంగా వచ్చింది, మైక్‌ను ఒక్క యాప్ పట్టుకుంటే రెండోదానికి అందలేదు. మా ఆవిడ పాత ఫోన్‌ను చొక్కా జేబులో వేసుకుని దాంట్లో రికార్డు చేస్తున్నాను. ఈ ఒక్క మార్పుతో నా రాత మారింది. అదే రాత్రి, లేదంటే మర్నాడు పొద్దున, ఆ ఆడియో వింటూ రాతను చూస్తాను. ఈ మొదటి విడతలో ఏమీ మెరుగుపెట్టను. తప్పు విన్న మాటలు దిద్దడం, మింగేసిన ‘ఏ’లు పెట్టడం, నా గొంతు ఎక్కడ దిగితే అక్కడ చుక్క పెట్టడం, ఇవి మూడే. చుక్క ఎక్కడ పెట్టాలో వ్యాకరణం కంటే గొంతు బాగా చెప్తుంది.

ఒక ముక్క చూపిస్తాను. ఫోన్‌లో పడింది ఇది:

‘అంటే మా తాత ఏంటంటే వాన పడితే చాలు రాత్రి లేచి పోయేటప్పుడు కట్టకు లాంతరు పట్టుకొని ఆ లాంతరు కూడా అంటే గాలికి ఆరిపోయేది ఆరిపోయినా ఆగకపోయేది అన్నమాట కట్ట మీద పండుకొని నేలకు చెవి పెట్టి వింటుండే మొత్తం అది దూకుతుందా లేదా అని ముసలోడికి చెరువు పెళ్ళాం అని తిట్టేది అవ్వ’

మొదటి ఏడాదిలో అయితే దీన్ని ఇలా ‘శుభ్రం’ చేశాను:

‘వర్షాకాలంలో తాతగారు రాత్రివేళల్లో లాంతరు తీసుకుని చెరువు కట్టపైకి వెళ్లి, ప్రవాహ శబ్దాన్ని బట్టి మత్తడి పరిస్థితిని అంచనా వేసేవారు. ఈ విషయమై నాయనమ్మ ఆయనను మందలించేవారు.’

ఒక్క తప్పు లేదు. మా అక్కకు చదివి వినిపిస్తే, ‘ఇదేందిరా, పేపర్ల వార్త లెక్క రాసినవ్? అవ్వ తాతను మందలించుడేంది, బండబూతులు తిట్టేది’ అంది. మళ్లీ ఆడియో దగ్గరికి వెళ్లి చేసింది ఇది:

‘వాన పడితే చాలు, మా తాత రాత్రి లేచి లాంతరు పట్టుకుని కట్టకు పోయేవాడు. గాలికి లాంతరు ఆరిపోయేది, ఆయన మాత్రం ఆగేవాడు కాదు. కట్ట మీద పడుకుని నేలకు చెవి పెట్టి వినేవాడు, మత్తడి దుంకుతోందా లేదా అని. “ముసలోనికి చెరువే పెండ్లాం” అని తిట్టేది మా అవ్వ.’

ఇందులో ఏం తీశానో, ఏం ఉంచానో చెప్తాను. ‘అంటే’, ‘ఏంటంటే’, ‘అన్నమాట’ పోయాయి. అవి నేను ఆలోచించుకోవడానికి వాడుకున్న ఊతపదాలు, చదివేవాళ్లకు అక్కర్లేదు. అన్ని ‘అంటే’లనూ గుడ్డిగా కొట్టేయకూడదు. ముందు చెప్పినదాన్ని విప్పి చెప్పే ‘అంటే’ ఒకటుంటుంది, ‘నీరటి అంటే’లో ఉన్నది. అది తీస్తే వాక్యం కూలుతుంది. అందుకే ఒకేసారి వెతికి కొట్టేయకుండా ఒక్కొక్కటీ చూసి తీస్తాను.

మాటల వరుస ఇంకా కష్టం. రాసేటప్పుడు క్రియను చివర పెడతాం. మాట్లాడేటప్పుడు క్రియ అయిపోయాక కూడా ఏదో ఒకటి తోక తగిలిస్తాం: ‘తిట్టేది అవ్వ’, ‘పోయేటోడు కట్టకు లాంతరు పట్టుకొని’. ఫోన్‌లో పడిన ముక్కలో ఇలాంటివి మూడున్నాయి. లాంతరుది సరిచేశాను, ఎందుకంటే అక్కడ తోకలో కొత్త సంగతి లేదు, ముందు చెప్పడం మర్చిపోయి తర్వాత అతికించాను. ‘మత్తడి దుంకుతోందా లేదా అని’ మాత్రం చివరే ఉండాలి. ఆయన దేనికోసం వింటున్నాడో ఆలస్యంగా తెలియాలి. అవ్వ కూడా అంతే. మూడూ ఉంచితే నాటకంలా ఉంటుంది, మూడూ తీస్తే అక్క అన్న పేపర్ వార్త అవుతుంది. పేరాకు ఒకటి, మహా అయితే రెండు, నా లెక్క అది.

యాస సంగతి కూడా అక్కడే తేల్చుకున్నాను. కథనం అందరికీ అలవాటైన వాడుక భాషలో, మనుషుల మాటలు మాత్రం వాళ్లు అన్నట్టే. అందుకే తాత ‘పోయేవాడు’, అవ్వ మాటలో ‘ముసలోనికి’. మత్తడిని అలుగు చేయలేదు, దుంకడాన్ని దూకడం చేయలేదు. అవి మా ఊళ్లో నీళ్లకు ఉన్న పేర్లు. మొత్తం యాసలోనే రాయొచ్చు, రాసేవాళ్లున్నారు, బాగా రాస్తారు. నాకు చేతకాలేదు.

ఆఖరి పరీక్ష గట్టిగా చదవడం. నాలుక ఎక్కడ తట్టుకుంటే అక్కడ నేను వాక్యాన్ని మరీ బిగించానని అర్థం. మళ్లీ ఆడియో వింటే చాలాసార్లు అక్కడ నేను రెండు చిన్న వాక్యాలే చెప్పి ఉంటాను.

ఇక టైమ్ మాట. ఎనిమిది నిమిషాల మాటకు నాకు ఇప్పటికీ గంటన్నర దిద్దుడు పడుతుంది. నేరుగా టైప్ చేసినా సుమారుగా అంతే పట్టేది. టైమ్ కలిసొస్తుందని మొదలుపెట్టేవాళ్లు నెలలో వదిలేస్తారు, మా ఆఫీసులో ఒకతను అలాగే వదిలేశాడు. నాకు కలిసొచ్చింది చెయ్యి నొప్పి తగ్గడం, ఇంకా అవ్వ తిట్లు. టైప్ చేసేటప్పుడు అవ్వ ఎప్పుడూ నోరు విప్పలేదు, అక్కతో మాట్లాడుతున్నట్టు చెప్తేనే విప్పింది.

దీనికి లొంగనివి ఉన్నాయి. ఆయకట్టు ఎన్ని ఎకరాలు, ఏ తూము కింద ఎవరి మడి, ఏ ఏడు కట్ట తెగింది లాంటివి నోటితో చెప్తే ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. అంకెలు ఒకసారి అంకెల్లో, ఒకసారి అక్షరాల్లో వస్తాయి. ‘ఒకటి రెండు ఎకరాలు’ అంటే ఒకసారి ‘12 ఎకరాలు’ అని పడింది. ఊళ్లో ఎవరి ఇంటి గొడవైనా ఉంటే దాన్ని డాబా మీద గట్టిగా చెప్పను, పక్కింటివాళ్లకూ చెవులుంటాయి, ఆ మాటలు నెట్ దాటి ఎక్కడికి పోతాయో కూడా నా చేతిలో లేదు. అలాంటివాటికి కాగితం, పెన్సిలే. మొన్న తూముల లెక్క అలాగే రాశాను, ఎడమ చేత్తో మణికట్టు పట్టుకుని.