మా డాబా మీద పచ్చిక పరిచి ఐదేళ్లు దాటింది

విజయవాడ సత్యనారాయణపురంలో మాది 1996లో కట్టిన ఇల్లు, పైన ఒక అంతస్తు. 2020 జూన్‌లో డాబా మీద 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవున, అంటే దాదాపు 22 చదరపు మీటర్లు, కుండీలు కాకుండా నేరుగా శ్లాబు మీదే పొరలు పరిచి మొక్కలు వేశాం. మొదట్లోనే రాస్తే అంతా బాగుందనే రాసేవాణ్ణి.

నేను అనుకున్నది అరడుగు ఎర్రమట్టి. చూడటానికి వచ్చిన ఇంజనీరు గారు ముందు కింది గదుల్లో సీలింగంతా సుత్తితో తట్టి, డొల్ల శబ్దం, తుప్పు పగుళ్లు ఉన్నాయేమో చూశారు. తర్వాత పది లీటర్ల బకెట్‌లో ఎర్రమట్టి నింపి, బాగా తడిపి తూచమన్నారు. 19 కిలోలు తూగింది. ఆ లెక్కన అరడుగు మట్టి చదరపు మీటరుకు 285 కిలోలు. మనుషులు తిరిగే డాబాకు మామూలుగా డిజైన్‌లో తీసుకునే లోడు చదరపు మీటరుకు 150 కిలోలే, దాన్ని కూడా మట్టికే ఇచ్చేయలేం. అదే బకెట్‌లో కొబ్బరి పొట్టు, పెర్లైట్ అనే తేలికైన తెల్ల గుళికలు, వర్మీకంపోస్టు కలిపి తడిపితే 11.5 కిలోలు వచ్చింది. అందుకే ఆ మిశ్రమమే 8 సెంటీమీటర్ల మందాన వేశాం. కింది పొరలు, వాటిలో నిలిచే నీళ్లు, మొక్కలు కలుపుకున్నా వంద కిలోల దగ్గర ఆగింది. ఎండు మట్టిని తూచి లెక్కేసుకునేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ భయం.

పొరలు ఇవి: శ్లాబు మీద వాటర్‌ప్రూఫింగ్, దానిమీద వేళ్లను ఆపే ఒక మిల్లీమీటరు ప్లాస్టిక్ షీటు, ఆపైన నీళ్లు పైపు వైపు పారేందుకు గుంటలున్న డ్రెయిన్ బోర్డు, మట్టి కిందికి జారకుండా జియోటెక్స్‌టైల్ గుడ్డ, ఆ తర్వాత మట్టి మిశ్రమం. చుట్టూ 15 సెంటీమీటర్ల ఇటుక గట్టు కట్టాం. నీళ్లు పోయే పైపు దగ్గర మాత్రం మట్టి వేయలేదు. అక్కడ మూత ఉన్న చిన్న పెట్టె పెట్టి, చుట్టూ కంకర పోశాం. షీటు పరచకముందు వాటర్‌ప్రూఫింగ్ మీద రెండు రోజులు నీళ్లు నిలబెట్టి చూశాం. ఒక్క చుక్క దిగలేదు.

2023లో మా ఆవిడ "ఏమండీ, హాల్లో ఆ మూల చూడండి" అంది. సీలింగ్ మీద అరచేయంత చెమ్మ. పైన తవ్వితే, షీటు ముక్కలు రెండూ కలిసేచోట వేడితో అతికించకుండా టేపు వేసి వదిలేశారని తేలింది. కాకులు వేసిన రావి గింజ మొలిచి, దాని వేరు దారంలా టేపు కిందనుంచి దూరి వాటర్‌ప్రూఫింగ్‌లోకి దిగింది. పైన మొక్క జానెడైనా లేదు, కింద వేరు మూరెడు! ఆ అతుకు విప్పి, వాటర్‌ప్రూఫింగ్ ప్యాచ్ వేయించి, షీటును వేడిగాలి మిషన్‌తో అతికించాం. ఇప్పుడు రావి, మర్రి మొలకలు ఆకు విప్పకముందే పీకేస్తాను.

తప్పు అక్కడే జరిగింది. మూడేళ్లలో కొబ్బరి పొట్టు కుళ్లిపోయి 8 సెంటీమీటర్లు 5కి దిగింది. మేస్త్రి "పర్లేదు సార్" అంటూ పాత మిశ్రమంతోపాటు నాలుగు బస్తాల ఎర్రమట్టి పోశాడు, నేనూ ఊరుకున్నాను. ఆ సన్నమట్టి నీళ్లతో కిందికి దిగి గుడ్డ కంతలు పూడ్చేసింది, కంకరలోనూ చేరింది. 2024 ఆగస్టు 31న కుండపోత పడుతుంటే పైకి వెళ్లి చూస్తే మొక్కలన్నీ నీళ్లలో ఉన్నాయి. పైపు మూసుకుపోయిందనుకుని పెట్టె మూత తీశాను. లోపల దాదాపు ఖాళీ. పెట్టె నిండి ఉంటే పైపుది తప్పు, పెట్టె ఖాళీగా ఉండి పైన నీళ్లు నిలిస్తే గుడ్డది తప్పు అని అప్పుడే అర్థమైంది. మట్టి పైన గట్టు దాకా 7 సెంటీమీటర్లు నీళ్లు నిలిచాయి. చదరపు మీటరుకు 70 కిలోలు, మొత్తం ఒకటిన్నర టన్నులు అదనం. బుడమేరు పొంగి ఊరు మునుగుతోందని ఫోన్లు వస్తుంటే, నేను గొడ్డలి మడమతో గట్టు ఇటుకలు రెండు కొట్టి తీస్తున్నాను. పది నిమిషాల్లో మట్టి మళ్లీ కనిపించింది.

వానలు తగ్గాక ఎర్రమట్టి తీయించి, పైపు వైపు రెండడుగుల మేర గుడ్డ మార్చాం. గట్టుకు మట్టి మట్టానికి కాస్త పైన నాలుగు కంతలు పెట్టించాం, కింద ఏది పూడినా నీళ్లు అక్కడినుంచి పోవాలని.

మేలో పడకగది సీలింగ్ మునుపటిలా రాత్రంతా సెగ కక్కడం లేదు. అలాగని ఏసీ మానలేదు. గడ్డి గులాబీ మాత్రం ఎండకు హాయిగా ఉంది. నిమ్మగడ్డి గుబుర్లు గోడ వారకు, కింద దూలం ఉన్నచోటికి మార్చాం. రావి వేరు దిగిన మూల మాత్రం ఖాళీగానే వదిలేశాం, ఇప్పుడక్కడ బట్టలారేస్తున్నాం.